చెఫ్ చేతికిచ్చిన ఉత్తరం



పొద్దున టిఫిన్ల హడావుడి సద్దుమణిగి, మధ్యాహ్నం భోజనాలు ఇంకా అందుకోని వేళ ఒకటుంటుంది హోటల్ వంటగదిలో. పదకొండు గంటల ప్రాంతం. 2024 జనవరిలో ఒకరోజు సరిగ్గా ఆ వేళకే మా సూ చెఫ్ నా గదికి వచ్చారు. నేనప్పుడు విశాఖపట్నంలో ఒక హోటల్‌కు జనరల్ మేనేజర్‌ని. ఆయనది కోనసీమ. మా దగ్గర కమీ టూగా చేరారు. అంటే ఉల్లిపాయలు తరగడం, రొయ్యలు వలవడం దగ్గర మొదలుపెట్టారన్న మాట. అప్పటికి ఎగ్జిక్యూటివ్ చెఫ్ తర్వాత వంటగదిలో ఆయనే పెద్ద.

"సార్, కెనడాకి అప్లై చేస్తున్నానండి. మీరు రిఫరెన్స్ లెటర్ ఇవ్వాలి. మీకు శ్రమ లేకుండా రాయించుకొచ్చాను, సంతకం పెడితే చాలు" అని ఒక కాగితం బల్లమీద పెట్టారు.

ఆ కాగితం గురించే ఈరోజు నేను మాట్లాడబోయేది. అది ఆయన రాసింది కాదు, ఎవరో ఏజెంటు టైపు చేయించి ఇచ్చింది. పేరు, హోదా, తేదీలు, వాటి కింద ఏడెనిమిది వాక్యాలు. ఇంగ్లీషు చక్కగా ఉంది. కానీ ఒక వాక్యం దగ్గర నా కన్ను ఆగిపోయింది. ఈయన ఎంత సరుకు కావాలో అంచనా వేస్తారు, ఖర్చు కూడా అంచనా వేయవచ్చు అని ఉందందులో. "వేయవచ్చు ఏమిటి చెఫ్? మీరు వేశారా, లేదా?" అన్నాను. ఆయన కాగితం తిప్పి చూసుకున్నారు. "వేశానండి. రోజూ వేస్తాను" అన్నారు.

ఆ 'వచ్చు' ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. కెనడా ప్రభుత్వం దేశంలోని ఉద్యోగాలన్నిటినీ వర్గాలుగా విడదీసి ఒక్కోదానికి ఐదంకెల నంబరు ఇచ్చింది. చెఫ్‌లది 62200. కుక్‌లది 63200. ప్రతి నంబరు కింద ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏయే పనులు చేస్తారో ఒక జాబితా ఉంటుంది. అది దేశంలో ఉన్న చెఫ్‌లందరికీ కలిపి రాసింది కాబట్టి, కొందరు చేసి కొందరు చేయని పనుల దగ్గర 'చేయవచ్చు' అని పెట్టారు. ఏజెంటు ఆ జాబితాను ఉన్నదున్నట్టు దించేశాడు, 'వచ్చు'తో సహా. దరఖాస్తు చూసే అధికారికి ఆ జాబితా కొత్త కాదు. తమ మాటలే తమకు తిరిగి వచ్చాయని తెలుసుకోవడానికి ఆయనకు అరనిమిషం చాలు. ఆ తర్వాత ఆ ఉత్తరంలో ఎంత నిజమున్నా నమ్మకం కుదరదు.

నేను సంతకం పెట్టలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నా తప్పు. అంతకు ఆరేడేళ్ల ముందు ఇంకో ఊళ్లో, ఇంకో హోటల్లో ఉన్నప్పుడు, తందూరు దగ్గర పనిచేసే ఒక కుర్రాడు ఇలాగే వచ్చి అడిగాడు. మన ఆఫీసుల్లో తరతరాలుగా నడుస్తున్న సర్టిఫికెట్ ఒకటుంది కదా. 'సంబంధిత అధికారులకు' అని మొదలై, ఇతను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర పనిచేశాడు, ఇతని నడవడిక బాగున్నది, భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాము అని ముగుస్తుంది. అదే ఇచ్చాను. ఆ కుర్రాడు ఏం వండేవాడో, ఎన్ని గంటలు చేసేవాడో, ఎంత జీతం తీసుకున్నాడో అందులో ఒక్క ముక్క లేదు. పనేమిటో తెలియడం లేదని దరఖాస్తు తిరగ్గొట్టారు. మళ్లీ డబ్బు కూడబెట్టుకుని, కాగితాలు చేయించుకునేసరికి ఏడాదిన్నర పోయింది. నా సంతకం పైన మంచిమాటలే ఉన్నాయి, అయినా ఆ పిల్లవాడికి అవి ఎందుకూ కొరగాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

వంటవాళ్ల చేతికి ఉత్తరం ఇచ్చి పంపడం మన దేశంలో పాత పద్ధతే. దొరల కాలంలో బంగళాల్లో వంట చేసేవాళ్లు పాత యజమాని రాసిచ్చిన చీటీలను భద్రంగా దాచుకుని కొత్త యజమానికి చూపించేవాళ్లు. హిందీ చిట్ఠీ నుంచి ఇంగ్లీషులో చిట్ అనే మాట పుట్టిందీ ఆ రోజుల్లోనే. ఒకరి చీటీ ఇంకొకరు పట్టుకెళ్లడమూ ఉండేది. ఎందుకు కుదిరేదంటే, అందులో రాసింది ఏ వంటవాడికైనా సరిపోయేది గనక. నమ్మకస్తుడు, శుభ్రంగా ఉంటాడు, బాగా వండుతాడు. ఏజెంటు ఇచ్చిన కాగితం కూడా పేరు మారిస్తే ఇంకో చెఫ్‌కి సరిపోతుంది. నేను రాయబోయేది ఈయనకు తప్ప ఇంకెవరికీ సరిపోకూడదనుకున్నాను.

"చెఫ్, నాలుగు రోజులు టైమివ్వండి, నేనే రాస్తాను" అన్నాను. ఆయన వెళ్లాక కాగితం ముందేసుకుని కూర్చుంటే ఒక్క వాక్యం నడవలేదు. ఆయన మంచివారని తెలుసు, అతిథులు మెచ్చుకుంటారని తెలుసు. రోజంతా ఏం చేస్తారంటే చెప్పలేను. నెలాఖరుకు నా బల్లమీదికి వచ్చే ఫుడ్ కాస్ట్ కాగితం మాత్రమే నాకు తెలిసిన వంటగది. అందుకని ఆ ఆదివారం కిందికి దిగాను.

ఆ సాయంత్రం 450 మందికి పెళ్లి విందు. నేను వెళ్లేసరికి పొద్దున ఏడైంది. హార్బరు నుంచి చేపలు దిగుతున్నాయి. సూ చెఫ్ రిసీవింగ్ దగ్గర కాటా ముందు నిలబడి ఉన్నారు. 10 కిలోల వంజరం తూచారు. కిలో 800 చొప్పున బిల్లు 8,000. నేనైతే అక్కడితో పని అయిపోయిందనుకునేవాణ్ని. ఆయన అక్కడే శుభ్రం చేయించారు. తల, తోక, పొట్ట పోయాక మళ్లీ తూస్తే ఆరున్నర కిలోలు. జేబులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు. "అంటే మనం కొన్నది కిలో 800 కాదండి, 1,230" అన్నారు. ఒక్కో ముక్క 180 గ్రాములు కోస్తే 36 ముక్కలు వస్తాయి. ముక్కకి చేప ఖర్చే 222 రూపాయలు. మెనూలో దాని ధర 740. అమ్మిన ధరలో నూటికి ముప్పై చేపకే పోతోందన్న మాట. మసాలా, నూనె, పక్కన పెట్టే కూరలు దానిమీద. పొట్ట పెద్దగా ఉన్న చేప వస్తే చేతికందేది ఆరు కిలోలకు పడిపోతుంది, ఆ రోజు అదే ప్లేటు మీద లాభం తరిగిపోతుంది. అందుకని అలాంటి చేపలు వరుసగా రెండు రోజులు వస్తే సరఫరాదారుకు ఫోన్ చేసి ఆ నోటుబుక్కు లెక్క చదివి వినిపిస్తారట. ఆ నోటుబుక్కు మూడోది. మొదటి రెండూ లాకర్లో ఉన్నాయి. తలలేమో సిబ్బంది క్యాంటీన్‌కి వెళ్తాయి, పులుసుకి.

ఏజెంటు కాగితంలో 'ఖర్చు అంచనా వేయవచ్చు' అన్న వాక్యం ఉంది చూశారూ, దానికి అసలు రూపం ఇది. నా ఉత్తరంలో ఆ చోట ఇలా రాశాను: చేపలు, మాంసం వచ్చిన ప్రతిసారీ శుభ్రం చేయకముందు, చేసిన తర్వాత బరువు తూచి, చేతికందిన సరుకును బట్టి ప్లేటు ఖర్చు కడతారు, మెనూ ధర మార్చవలసి వస్తే ఈ లెక్క చూపించి నా దగ్గర అనుమతి తీసుకుంటారు. ఒక్క వాక్యమే. అది చదివిన చెఫ్ ఎవరైనా సరే, ఇతను కాటా దగ్గర నిలబడిన మనిషి అని గ్రహిస్తాడు. అధికారికేమో తన జాబితాలోని పని ఇక్కడ నిజంగా జరిగిందని కనిపిస్తుంది, తన మాటలు మాత్రం కనిపించవు.

అలాగే మిగతావీ రాశాను. ఆ రోజంతా చూసినవాటిలో నాలుగే తీసుకున్నాను. విందుకు ముందు పెళ్లివాళ్లతో కూర్చుని మెనూ ఖరారు చేయడం, 14 మందికి డ్యూటీ చార్టు వేయడం, స్టోర్‌కి ఇండెంట్ రాయడం, కొత్తగా చేరిన కమీలకు కత్తి పట్టడం దగ్గర నుంచి నేర్పడం. పద్నాలుగు మంది ఎవరెవరో కూడా విడమరిచాను: ఏ సెక్షన్లో ఎందరు సీడీపీలు, ఎందరు కమీలు అని. చెఫ్‌కీ కుక్‌కీ తేడా పట్టుకునేది అక్కడే. బాగా వండడం ఇద్దరూ చేస్తారు. ఇంకొకరి చేత వండించడం, వంటకం ఎలా ఉండాలో నిర్ణయించడం, దాని లెక్కకు జవాబు చెప్పుకోవడం చెఫ్ పని. మన హోటళ్లలో విజిటింగ్ కార్డు మీద చెఫ్ అని ఉండి, రోజంతా ఒక్క పొయ్యి దగ్గరే నిలబడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కార్డు చూసి 62200 కింద ఉత్తరం ఇవ్వడం సాయం కాదు. వాళ్లు 63200 కింద వెళ్లాలి, అందులో తక్కువతనమేమీ లేదు.

మర్నాడు హెచ్‌ఆర్ నుంచి ఆయన ఫైలు తెప్పించాను. ఇక్కడ నాకు చాలా సమయం పట్టింది. ఏజెంటు కాగితంలో '2014 జూలై నుంచి సూ చెఫ్‌గా' అన్నట్టు ఒకే వరస ఉంది. ఫైల్లో ఉన్నది వేరు. 2014 జూలైలో కమీ టూ. 2018 ఏప్రిల్‌లో సీడీపీ. సూ చెఫ్ అయింది 2021 నవంబరులో. ఆ మూడు మెట్లనూ తేదీలతో సహా విడివిడిగా రాశాను. "పదేళ్ల అనుభవం రెండేళ్లయిపోతుంది కదండీ" అని ఆయన దిగులుపడ్డారు. పోదు. కమీగా చేసినది ఆ పని కింద, సూ చెఫ్‌గా చేసినది ఈ పని కింద లెక్కకు వస్తుంది. అన్నీ కలిపి ఒకే ముద్ద చేస్తే మాత్రం, ప్రమోషన్ ఆర్డరు బయటపడిన రోజున మొత్తం అబద్ధమైపోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఐదేళ్లపాటు గడప తొక్కనివ్వదు.

ఇంకో చిక్కు కరోనా కాలం. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి హోటల్ మూతపడింది. జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చని అనుమతి వచ్చినా మా వంటగది పూర్తిగా నడవడానికి ఇంకా టైము పట్టింది. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఆయన జీతం లేని సెలవు మీద కోనసీమలో ఉన్నారు. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది అనిపిస్తుంది. పీఎఫ్ పాస్‌బుక్కులో ఆ నాలుగు నెలలూ ఖాళీగా ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం పడలేదు. దరఖాస్తుతో ఆ కాగితాలు కూడా వెళ్తాయి. జీతం తీసుకోని నెలలను వాళ్లు అనుభవంగా లెక్కించరు. అందుకే ఆ నాలుగు నెలల సంగతి ఉత్తరంలో ఒక వాక్యంలో పెట్టాను, కారణంతో సహా.

పని గంటల దగ్గర కూడా ఆయనకూ నాకూ కాస్త వాదన జరిగింది. "రోజుకి పన్నెండు గంటలు చేశానండి, బ్రేక్ షిఫ్టులు, పెళ్లిళ్ల సీజను... 70 గంటలని రాయండి" అన్నారు. చేసిన మాట నిజమే. కానీ వాళ్ల లెక్కలో వారానికి 30 గంటలు ఉంటే పూర్తికాలపు ఉద్యోగం. ఏడాదికి 1,560 గంటలు. దానిమీద 70 రాసినా 48 రాసినా ఆయనకు ఒరిగేది ఒకటే. నియామక పత్రంలో వారానికి ఆరు రోజులు, 48 గంటలు అని ఉంది. అదే రాసి, పెళ్లిళ్ల రోజుల్లో అంతకు మించి పనిచేశారని పక్కన చేర్చాను. జీతం కూడా అంతే: ఏడాది మొత్తం జీతం ఒక అంకె, ఇంకో వాక్యంలో డ్యూటీ భోజనం, యూనిఫాం, పీఎఫ్. సీటీసీ అనే పెద్ద అంకె ఎక్కడా వేయలేదు, అది జీతం స్లిప్పుతో ఎప్పటికీ కలవదు.

ఇక పేరు. మన తెలుగువాళ్లకిది తప్పని గొడవ. మా రిజిస్టర్లో ఇంటిపేరు, నాన్నగారి పేరు రెండూ పొడి అక్షరాలుగా ముందు, ఆయన పేరు తర్వాత. పాస్‌పోర్టులో అన్నీ విడమరిచి, ఇంటిపేరు విడిగా. చదివేవాళ్లకు వీళ్లిద్దరూ ఒకరేనా అన్న అనుమానం వస్తుంది. ఉత్తరంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, మా రికార్డుల్లో ఇలా ఉంది అని ఆ పొడి పేరు కూడా ఇచ్చాను.

నా గురించి కూడా ఒక మాట రాయాల్సి వచ్చింది. నేను ఆ హోటల్‌కు వెళ్లింది 2019లో. అంతకు ముందు ఐదేళ్లు ఆయన ఎలా పనిచేశారో నా కళ్లతో చూడలేదు. కాబట్టి 2019 తర్వాత సంగతులు స్వయంగా తెలిసినవనీ, ముందువి రికార్డులను బట్టి చెబుతున్నాననీ విడదీశాను.

అంతా అయ్యాక మిగిలింది ఒక్కటే. ఆయన చేసిన తప్పు.

వేడివేడిగా ఉంచే వంటకాలు 60 డిగ్రీలకు తగ్గకూడదు. చల్లగా ఉంచేవి 5 డిగ్రీలు దాటకూడదు. బఫేలో రెండు గంటలకోసారి థర్మామీటరు గుచ్చి చూసి రిజిస్టర్లో రాయాలి. ఆయన సూ చెఫ్ అయిన మూడు నెలలకు, 2022 ఫిబ్రవరిలో, మా ఆడిట్‌వాళ్లు ఆ రిజిస్టర్ తీసి నా ముందు పెట్టారు. వారం రోజుల గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే ఒత్తు, అన్నిట్లోనూ 65 డిగ్రీలే. నిజంగా కొలిస్తే ఒకసారి 63, ఒకసారి 71, మూత తీసి ఉంచిన రోజున 58 కూడా వస్తుంది. అన్నీ 65 అంటే ఎవరూ కొలవలేదని అర్థం. షిఫ్టు అయ్యాక కూర్చుని నింపేశారు. ఎవరికీ జబ్బు చేయలేదు, అది మా అదృష్టం. ఆయనకు మెమో ఇచ్చాను.

ఇది ఉత్తరంలో పెట్టాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించాను. జర్మనీలో ఉద్యోగం మానేసేవారికి సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని చట్టమే ఉంది. అది నిజం చెప్పాలి, మనిషి భవిష్యత్తుకు అడ్డు కూడా పడకూడదు. ఈ రెండిటి మధ్యా నలిగి అక్కడి యజమానులు ఒక గూఢభాష తయారుచేసుకున్నారు. ఫలానావారు పనిచేయడానికి ప్రయత్నించారు అని రాస్తే, చేతకాలేదని అర్థం. చదివేవాడికి తెలుస్తుంది, పట్టుకెళ్లేవాడికి తెలియకపోవచ్చు. నాకు అది నచ్చదు. ఉత్తరం పట్టుకెళ్లే మనిషికి అందులో ఏముందో తెలియాలి.

అందుకని తప్పు రాశాను, ఆ తర్వాత జరిగిందీ రాశాను. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఆయన థర్మామీటరుకు తాడు కట్టి మెడలో వేసుకున్నారు. రిజిస్టర్‌ని ఆఫీసు గదిలోంచి తెచ్చి బఫే వెనకే మేకుకు తగిలించారు, పెన్ను దానికే కట్టి. 58 వచ్చిన రోజున 58 అనే రాసి, ఆ వంటకం ఎన్నింటికి వెనక్కి తీసుకెళ్లారో పక్కన రాయించారు. ఆ తర్వాతి రెండేళ్లలో ఆడిట్‌లో మళ్లీ ఆ మాట రాలేదు.

ఆయన్ని పిలిచి చదవమన్నాను. నిలబడే చదివారు. ఆ పేరా దగ్గరికి వచ్చాక కూర్చున్నారు. "ఇది ఉండాలా సార్?" అన్నారు. "హెచ్‌ఆర్ ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్‌లో, వీసా వాళ్లకు వెళ్లే ఉత్తరంలో ఉండదు, అక్కడ దాని పని లేదు. మిమ్మల్ని తీసుకోబోయే చెఫ్‌కు రాసే దాంట్లో ఉంటే మంచిదని నా అభిప్రాయం. మీరు వద్దంటే తీసేస్తాను" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉండనివ్వండి. వాళ్లు ఫోన్ చేసి అడిగితే మీరు అబద్ధం ఆడరు కదా" అన్నారు.

ఆ విధంగా రెండు ఉత్తరాలయ్యాయి. రెండూ హోటల్ లెటర్‌హెడ్ మీదే. తేదీలు, హోదాలు, పనులు, గంటలు, జీతం ఉన్నది అధికారులకు. పని తీరు చెప్పేది అక్కడి వంటగదికి. రెండిటిలోనూ ఒక్క తేదీ తేడా లేకుండా హెచ్‌ఆర్‌లో ఒకమ్మాయి వేలు పెట్టి పోల్చి చూసింది. కింద నా సంతకం, హోదా, హోటల్ ఈమెయిల్, నా గదికి నేరుగా మోగే నంబరు. రిసెప్షన్ నంబరు ఇస్తే, ఎవరో కొత్తగా చేరిన పిల్ల ఎత్తి, అలాంటివారు ఇక్కడ ఎవరూ లేరండీ అనేస్తుంది. సొంత జీమెయిల్ ఇస్తే అది హోటల్‌దని ఎవరు నమ్ముతారు? నేను బదిలీ అయితే ఎవరిని అడగాలో, ఆ హెచ్‌ఆర్ మేనేజర్ హోదా కూడా చేర్చాను.

ఆయన మార్చిలో మానేశారు. వెళ్లేముందు ఆ మూడు నోటుబుక్కులనూ తర్వాత వచ్చే సూ చెఫ్‌కు అప్పగించారు.

మే నెలలో ఒక రాత్రి పదిన్నరకు నా ఫోన్ మోగింది. కాల్గరీలో ఒక హోటల్ ఎగ్జిక్యూటివ్ చెఫ్. వాళ్లకప్పుడు పొద్దున పదకొండు. టిఫిన్లు అయిపోయి, భోజనాలు మొదలుకాని వేళ. ఉత్తరం ముందు పెట్టుకున్నట్టున్నారు, కాగితం చప్పుడు వినిపిస్తోంది. చేపల లెక్క గురించి ఒక ప్రశ్న వేశారు. తర్వాత, "ఆ రిజిస్టర్ సంగతి. మెమో ఇచ్చిన మర్నాడు ఆయన ఏం చేశారు?" అన్నారు.

తాడు సంగతి చెప్పాను. మేకు సంగతి చెప్పాను. ఆ మర్నాడు పొద్దున ఆయన తన కింద ఉన్న పద్నాలుగు మందినీ నిలబెట్టి, ఆ వారం గళ్లు నింపింది నేనే అని చెప్పుకున్నారని కూడా చెప్పాను. అది ఉత్తరంలో లేదు. అవతల కొంచెంసేపు మాట లేదు.

"మేము రెండు గంటలకోసారి కాదు, గంటకోసారి చూస్తాం. ఆయనకు చెప్పండి" అని ఆ చెఫ్ ఫోన్ పెట్టేశారు. నేను అప్పటికప్పుడే కోనసీమకు ఫోన్ చేశాను. నిద్రలేచి ఎత్తారు. చెప్పాను.

"అలాగేనండి" అన్నారు.